తాగుడు కామెర్లకి స్టెరాయిడ్ వేయించాలా, వద్దా? ఏది మేలు?

కావలి వైపు నుంచీ ఒంగోలు వైపు నుంచీ పేషెంట్‌ని తీసుకొచ్చిన ఇంటోళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "సారూ, మా బావకి స్టెరాయిడ్ మొదలుపెడతామంటున్నారు, ఒప్పుకోమంటారా వద్దని చెప్పేయమంటారా?" స్టెరాయిడ్ అనే మాట వింటేనే భయం. పక్కింటోళ్లేమో పసరు మందు పోయించమంటారు, ఇంకొకరు చెన్నై తీసుకెళ్లమంటారు. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నా.

మామూలు పచ్చకామెర్లు వేరు, ఇది వేరు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషికి లివర్ ఒక్కసారిగా వాచిపోతుంది. కళ్లు పసుపు, సన్న జ్వరం, కుడి డొక్క కింద నొప్పి, అన్నం చూస్తే వికారం, కొందరికి పొట్టలో నీరు, ఇంకా ముదిరితే మాట తడబడి పగలంతా మత్తుగా పడుంటారు. రోజూ ఎంత తాగితే వస్తుందని అడుగుతారు గదా, మగవాళ్లకి డాక్టర్లు పెట్టుకున్న గీత రోజుకి 60 గ్రాముల ఆల్కహాల్, షాపులో దొరికే 180 ఎంఎల్ క్వార్టర్‌లో ఉండేది కూడా సుమారు అంతే. ఆడవాళ్లకి 40 గ్రాములే. ఇంకో మాట, చాలామందికి కామెర్లు తాగుడు ఆపేశాక ఒకటి రెండు వారాలకి బయటపడతాయి. ఒంట్లో బాగాలేక మందు సహించక ఆపేసుంటాడు, ఇంటోళ్లేమో "మానేసినందుకే వచ్చింది, కొంచెం పోస్తే సర్దుకుంటాడు" అని మళ్లీ పోస్తారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. చేతులు వణకడం, లేనివి కనిపించడం ఉంటే దానికి ఆసుపత్రిలో వేరే మందులుండాయి.

ఇప్పుడు ఒక మనిషి రిపోర్టు చూద్దాం. 42 ఏళ్లు, 60 కిలోలు, రొయ్యల చెరువుల దగ్గర పని, కామెర్ల లెక్క చెప్పే బిలిరుబిన్ 14, లివర్ ఎంజైములు ఏఎస్‌టీ 168, ఏఎల్‌టీ 62, లివర్ తయారుచేసే ప్రోటీన్ ఆల్బుమిన్ 2.7, రక్తం గడ్డకట్టే టైము చూసే పీటీ పరీక్ష 21 సెకన్లు, ల్యాబ్ నార్మల్ 13. ఏఎస్‌టీ ఏఎల్‌టీ కంటే రెండింతలకి పైగా ఉండి రెండూ 400 లోపే ఉన్నాయంటే తాగుడు వల్లేనని అనుమానం బలపడుతుంది, వైరస్ కామెర్లలో అయితే ఇవి చాలాసార్లు వేలల్లోకి పోతాయి. ఇక జబ్బు ఎంత తీవ్రమో చెప్పే మ్యాడ్రీ స్కోరు వెయ్యాలి. పీటీలో తేడా 8 సెకన్లు, దాన్ని 4.6తో గుణిస్తే 36.8, దానికి బిలిరుబిన్ 14 కలిపితే 50.8. 32 దాటితే తీవ్రమైన జబ్బు కింద లెక్క. 32 లోపలుంటే స్టెరాయిడ్ మాటే ఎత్తక్కర్లేదు, మందు మాని తిండి సరిగ్గా తింటే చాలామంది తేరుకుంటారు.

మన మనిషిది 50 దాటింది కాబట్టి ప్రశ్న వస్తుంది. స్టెరాయిడ్ అంటే ప్రెడ్నిసొలోన్ 40 మిల్లీగ్రాములు రోజూ, 28 రోజులు. బ్రిటన్‌లో వెయ్యి మందికి పైగా పేషెంట్లతో చేసి 2015లో ఫలితాలు బయటపెట్టిన స్టాపా అనే పెద్ద పరీక్షలో 28 రోజుల లోపు చనిపోయినవాళ్లు ఉత్తుత్తి మాత్ర వేసుకున్న గుంపులో నూటికి 17 మంది, ప్రెడ్నిసొలోన్ గుంపులో 14 మంది. మూడు నెలలకీ ఏడాదికీ చూస్తే మాత్రం తేడా లేదు. అదే పరీక్షలో గట్టి ఇన్ఫెక్షన్లు వేసుకోనివాళ్లలో నూటికి 7 మందికి, వేసుకున్నవాళ్లలో 13 మందికి వచ్చినయ్. అంటే లాభం చిన్నదీ మొదటి నెలదీ, నష్టం ఇన్ఫెక్షన్‌ది. అందుకే మొదలుపెట్టే ముందే ఛాతీ ఎక్స్‌రే, మూత్రం, బ్లడ్ కల్చర్, పొట్టలో నీరుంటే సూదితో తీసి టెస్టు, హెపటైటిస్ బీ, టీబీ అన్నీ చూడాలి. ఇన్ఫెక్షన్ అదుపులో లేకపోయినా, రక్తపు వాంతులవుతున్నా స్టెరాయిడ్ వెయ్యకూడదు. ఈ పరీక్షలేవీ చెయ్యకుండా చిన్న క్లినిక్‌లో మొదలుపెడతామంటే మాత్రం నేను వద్దనే చెప్తా.

అయినా నా ఓటు స్టెరాయిడ్‌కే, ఒక షరతు మీద. ఆ షరతు ఏడో రోజు. నా దృష్టిలో మొత్తం విషయం తేలేది ఆ రోజే, కానీ చాలామంది ఇంటోళ్లకి ఆ సంగతే తెలీదు, 28 రోజుల కోర్సు గదా మధ్యలో ఆపకూడదేమో అనుకుంటారు. ఏడో రోజు బిలిరుబిన్ మళ్లీ చేసి, మందు పని చేస్తోందో లేదో చెప్పే లీల్ స్కోరు వేస్తారు, వయసు, ఆల్బుమిన్, కిడ్నీ, పీటీ అన్నీ అందులో కలుస్తాయి. మన మనిషికి కిడ్నీ బాగానే ఉండి బిలిరుబిన్ 14 నుంచి 9.5కి దిగిందనుకోండి, స్కోరు 0.08 వస్తుంది, మందు పని చేస్తున్నట్టే, 28 రోజులూ పూర్తి చెయ్యొచ్చు. అదే 19కి ఎక్కిందనుకోండి, 0.56 వస్తుంది. గీత 0.45, దాటితే మందు పని చెయ్యట్లేదు, ఆపేయాలి, ఇంకా మింగిస్తే ఇన్ఫెక్షన్ తప్ప ఒరిగేదేం లేదు. ఈ స్కోరు తయారుచేసిన అధ్యయనంలో గీత లోపలున్నవాళ్లలో ఆరు నెలలకి నూటికి 85 మంది బతికుంటే, దాటినవాళ్లలో పాతిక మందే. అందుకే డాక్టర్ని "ఏడో రోజు స్కోరు వేస్తారా సార్?" అని ముందే అడగండి, అడిగే హక్కు మీకుంది.

స్టెరాయిడ్ వేసినా వెయ్యకపోయినా తప్పనిది తిండి. మన దగ్గర కామెర్లంటే పత్యం, ఉప్పు లేని నూనె లేని మజ్జిగన్నం మూడు పూటలా, అట్లా నెల. 60 కిలోల మనిషికి రోజుకి సుమారు 1800 నుంచి 2100 క్యాలరీలు, 72 నుంచి 90 గ్రాముల ప్రోటీన్ కావాలి, ఆ పత్యంలో సగం కూడా రావడం కష్టం. రోజుకి 1300 క్యాలరీల లోపు తిన్న ఆ బరువు మనుషుల్లో చావులు ఎక్కువని అధ్యయనాల్లో తేలింది. గుడ్లు, చేపల పులుసు, పెరుగు, పప్పు, కొంచెం కొంచెంగా ఆరుసార్లు పెట్టండి, పడుకునే ముందు ఒకసారి తప్పకుండా. పొట్టలో నీరుంటే ఉప్పు తగ్గించాలి, తిండి కాదు. నోటితో తినలేకపోతే ముక్కులో గొట్టం వేస్తామంటే ఒప్పుకోండి.

మిగతావి తొందరగా చెప్తా. పసరు మందు వద్దు, పాడైన లివర్ మీద ఇంకో బరువు. ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే ఎన్ఏసీ ఇంజెక్షన్లు స్టెరాయిడ్‌తో కలిపి ఇస్తే మొదటి నెలలో కొంత ఉపయోగం కనిపించింది, ఆరు నెలలకి లేదు, ఇస్తే ఇవ్వనియ్యండి. పెంటాక్సిఫిలిన్ అనే మాత్ర వల్ల ఉపయోగం లేదని స్టాపాలోనే తేలిపోయింది. లివర్ మార్పిడి మాత్రం స్టెరాయిడ్ పని చెయ్యని కొందరికి నిజమైన దారి, ఫ్రాన్స్, బెల్జియం డాక్టర్లు జాగ్రత్తగా ఎంచుకున్న 26 మందికి చేసి 2011లో బయటపెట్టిన ఫలితాల్లో ఆరు నెలలకి నూటికి 77 మంది లెక్కన బతికారు, చేయించుకోనివాళ్లలో 23. కానీ డబ్బు, దాత, మళ్లీ తాగడన్న నమ్మకం మూడూ కావాలి, ఏడో రోజు స్కోరు బాగాలేకపోతే అదే రోజు చెన్నై మాట కదపండి, రెండు వారాలు ఆగి కాదు.

28 రోజులు గట్టెక్కాక ఏడాదికి మనిషి ఉంటాడా లేదా అన్నది మళ్లీ తాగాడా లేదా అన్నదాని మీదే ఎక్కువ. తాగుడు మాన్పించడానికి కూడా రెండు దారులుండాయి. కొందరు ఆడవాళ్లు భర్తకి తెలీకుండా కూరలో, తాగితే వాంతులయ్యేలా చేసే డైసల్ఫిరామ్ మాత్ర కలుపుతారు, వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది గానీ ఆ మాత్ర లివర్‌నే దెబ్బ తియ్యగలదు, కామెర్లు వచ్చిన మనిషికి అస్సలు వద్దు. ముదిరిన లివర్ జబ్బు ఉన్నవాళ్లలో తాగాలనే యావ తగ్గించడానికి పరీక్షించి చూసిన మందు బాక్లోఫెన్. అది కూడా మత్తు తెస్తుంది కాబట్టి తడబడుతున్న మనిషికి పనికిరాదు, తేరుకున్నాక లివర్ డాక్టరూ మానసిక డాక్టరూ ఇద్దరూ చూసి చిన్న డోసుతో మొదలుపెట్టాలి.