రివర్స్ రొటేషన్ వద్దు: నాలుగు టీముల షిఫ్టుతో మా అనుభవం

పాలకొల్లు దగ్గర రొయ్యల మేత మిల్లు మాది. ఏ, బి, సి షిఫ్టులు. ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పదికి మార్పు. ఒక్కో టీము రెండు ఏ, రెండు బి, రెండు సి చేసి రెండు రోజులు సెలవు తీసుకుంటుంది. టీముకు సగటున వారానికి 42 గంటలు. ఈ పద్ధతిలో నాకు నచ్చినది ఒక్కటే: షిఫ్టు మారినప్పుడల్లా మధ్యలో 24 గంటలు దొరకడం.

దాని విలువ రివర్స్ తిప్పినప్పుడు తెలిసింది. ముందు సి, తర్వాత బి, ఆపైన ఏ వేయమని కుర్రాళ్లే పట్టుబట్టారు. కారణం ఉంది. మామూలు వరుసలో సి ముగించి ఉదయం ఆరింటికి దిగితే, మళ్లీ ఏ ఎక్కేదాకా 48 గంటలే. రివర్స్‌లో ఏ ముగించి మధ్యాహ్నం రెండింటికి దిగినవాడు మళ్లీ సి ఎక్కేసరికి 80 గంటలు. పని గంటలు మాత్రం పెరగవు, తరగవు. ఆ అదనపు 32 గంటలు షిఫ్టు మారే రెండు చోట్ల నుంచి కోసినవి. అక్కడ 24 గంటలు కాస్తా ఎనిమిదయ్యాయి.

మొదట్లో అందరూ పొగిడారు, నేనూ పొగిడాను. తర్వాత ఎండలు ముదిరాయి. సి దిగి ఇంటికెళ్లి, రేకుల కింద ఉక్కలో రెండు మూడు గంటలు దొర్లి, రెండింటికల్లా బి ఎక్కాలి. ఒకరోజు బాయిలర్ లాగ్ పుస్తకం తిరగేస్తే ఆవిరి పీడనం గడిలో గంటగంటకూ ఒకే అంకె, ఒకే ఒత్తుతో, ఒకే సిరాతో. మేత యంత్రాలు మధ్యలో ఆగి మళ్లీ నడిచిన రోజున ఆవిరి అంత నిలకడగా ఉండదు. అన్నీ ఒక్కసారే కూర్చుని రాసేశారన్నమాట. అలాంటి పేజీలన్నీ వెతికితే చాలావరకు ఎనిమిది గంటల విరామం తర్వాత ఎక్కిన షిఫ్టులవే. పెద్ద ప్రమాదం జరగకముందే పాత వరుసకు వచ్చాం.

అయితే పాత వరుస బంగారమేమీ కాదు. రెండు రోజుల సెలవంటారు గానీ మొదటి రోజు నిద్రకే పోతుంది. రెండో రోజు రాత్రి పెళ్లికి వెళ్లినా మర్నాడు తెల్లవారుజామునే లేవాలి. పైగా చక్రం ఎనిమిది రోజులది, వారం ఏడు రోజులది. అందుకే సెలవు ప్రతిసారీ ఒక రోజు ముందుకు జరుగుతుంది, శని, ఆదివారాలు కలిసి ఎనిమిది వారాలకోసారే దొరుకుతాయి. ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లు ఇప్పటికీ నాతో గొడవపడుతూనే ఉన్నారు.

మా ఇల్లు మిల్లుకు సైకిలు దూరం, కాబట్టి నాకు ఇదే మేలు. నరసాపురంలో పంటు దాటి సఖినేటిపల్లి వైపు వెళ్లే మా ఫిట్టరు మాత్రం ఆ 80 గంటలే కావాలంటాడు. మిల్లు దగ్గరే గది తీసుకుని సెలవుకే ఇంటికెళ్లేవాడికి ఆ లెక్క తప్పని నేను అనలేను. బాయిలర్ మీద ఉన్నవాడికి మాత్రం ఒప్పుకోను.