గడియారం లెక్కలు: సూత్రమా, సాపేక్ష వేగమా?

పోటీ పరీక్షలకు చదివేవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది: ముళ్లు ఎప్పుడు కలుస్తాయి, ఎప్పుడు లంబకోణంలో ఉంటాయి అని అడిగితే 30H − 5.5M సూత్రంతో చేయాలా, సాపేక్ష వేగంతో చేయాలా?

టైము ఇచ్చి కోణం అడిగితే సూత్రానికే నా ఓటు. 7 గంటల 20 నిమిషాలకు 210 − 110, అంటే 100 డిగ్రీలు. అంతటితో సరి.

ముళ్లు కలిసే లెక్కల్లో రెండింటికీ పెద్ద తేడా లేదు. సరిగ్గా 4 గంటలకు నిమిషాల ముల్లు 20 గడులు వెనక ఉంటుంది. గంటలో అది 60 గడులు తిరిగితే గంటల ముల్లు 5 గడులు జరుగుతుంది. అంటే పెద్ద ముల్లు 55 గడులు పుంజుకోవడానికి 60 నిమిషాలు, ఒక్క గడికి 12/11 నిమిషం. 20 గడులకు 240/11, అంటే 4 గంటల 21 9/11 నిమిషాలు. సూత్రంలో 120 = 5.5M అని రాసినా ఇదే వస్తుంది.

అసలు తేడా లంబకోణం దగ్గర బయటపడుతుంది. 10, 11 గంటల మధ్య ఎప్పుడు? సూత్రం పట్టుకున్నవాళ్లు తేడాను +90, −90 అని రాస్తారు. ఒకటి 38 2/11 నిమిషాలు. రెండోది 70 10/11. గంట దాటిపోయింది కనుక దాన్ని కొట్టేసి, జవాబు ఒక్కటే అని గుర్తు పెట్టి వస్తారు. మొదట్లో నేనూ అలాగే పోగొట్టుకున్నాను ఒక మార్కు.

ఇప్పుడు బొమ్మ చూడండి. 10 గంటల 5 నిమిషాలకు చిన్న ముల్లు 10 దగ్గర, పెద్ద ముల్లు 1 మీద. మధ్యలో మూడు అంకెల దూరం, అంటే దాదాపు లంబకోణమే! తేడా 270 డిగ్రీలైనా ముళ్ల మధ్య కోణం 90 డిగ్రీలే అన్న సంగతి సూత్రం తనంతట చెప్పదు. సాపేక్ష వేగంలో ఇది దాక్కోలేదు. 10 గంటలకు పెద్ద ముల్లు 50 గడులు వెనక ఉంది. ఆ దూరం 45 అయినా లంబకోణమే, 15 అయినా లంబకోణమే. కాబట్టి 5 గడులు పుంజుకోవాలి, లేదా 35. వాటిని 12/11తో హెచ్చిస్తే 5 5/11, 38 2/11 నిమిషాలు. అందుకే ఇలాంటి లెక్కలకు నేను సూత్రం ముట్టుకోను.

ఇచ్చిన జవాబులను ఒక్కొక్కటిగా పెట్టి చూసే పద్ధతీ ఉంది. టైము మిగిలితే చేయండి.

2, 3 గంటల మధ్య మాత్రం జాగ్రత్త. 10 గడుల వెనక నుంచి బయలుదేరిన పెద్ద ముల్లు 15 గడులు ముందుకు పోవాలి. 25 గడులకు 27 3/11 నిమిషాలు. తర్వాతి లంబకోణం 55 గడులు పుంజుకున్నాక, అంటే సరిగ్గా 3 గంటలకు. అదే 3, 4 గంటల మధ్య లెక్కలోనూ మొదటిది. 9 గంటల దగ్గరా ఇంతే. అందుకే రోజుకు లంబకోణాలు 48 కాదు, 44.