కే-మ్యాప్ ప్రశ్నల బ్యాంకు కొనేవారికి జాగ్రత్త: డోంట్ కేర్ ప్రశ్నల కీ చూడకుండా డబ్బు కట్టవద్దు

గేట్ పరీక్షకు డిజిటల్ లాజిక్ అభ్యాసం కోసం నేను రెండు నెలల క్రితం ఆన్‌లైన్‌లో ఒక బహుళైచ్ఛిక ప్రశ్నల బ్యాంకును 450 రూపాయలు పెట్టి పీడీఎఫ్ రూపంలో కొన్నాను. అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. అవే పేజీలు రేపు వేరే అట్ట వేసుకొని ఇంకో పేరుతో అమ్మకానికి రావచ్చు కాబట్టి, పేరు చెప్పడం కన్నా అందులోని తప్పులను ఎలా పట్టుకోవాలో చెప్పడమే ఎక్కువ ఉపయోగమని నాకు తోచింది.

కొనకముందు వారు ఉచితంగా చూపించిన పది పేజీలూ నంబర్ సిస్టమ్స్ అధ్యాయానివే. ఆ పేజీలు బాగానే ఉన్నాయి, లాజిక్ గేట్ల అధ్యాయం కూడా ఫరవాలేదు. కే-మ్యాప్ అధ్యాయంలో, ముఖ్యంగా డోంట్ కేర్ షరతులున్న ప్రశ్నల దగ్గరకు వచ్చేసరికి కీ నమ్మదగినది కాదని తేలింది. నాకు నష్టం కలిగించింది 450 రూపాయలు కాదు, ఆ కీని నమ్మి మూడు వారాల పాటు తప్పు పద్ధతిని వంటబట్టించుకోవడం.

మొదట 31వ ప్రశ్న సంగతి చెబుతాను. బీసీడీ రూపంలో ఒక అంకె A, B, C, D అనే నాలుగు బిట్లుగా వస్తుంది, A పెద్ద బిట్టు. అంకె 3, 6, 9లలో ఏదైనా అయితే అవుట్‌పుట్ 1 కావాలి, మిగతా అంకెలకు 0 కావాలి. బీసీడీలో 10 నుంచి 15 వరకు ఉన్న సంకేతాలు రానే రావు కనుక ఆ ఆరు గడులూ డోంట్ కేర్. అత్యంత సరళమైన రూపం ఏదని ప్రశ్న. మ్యాప్ ఇలా వస్తుంది:

```
AB\CD  00  01  11  10
00      0   0   1   0
01      0   0   0   1
11      X   X   X   X
10      0   1   X   X
```

ఇక్కడ 9వ గడి చుట్టూ 11, 13, 15 గడులు X కాబట్టి వాటిని కలుపుకొంటే నాలుగు గడుల గ్రూపు ఏర్పడి AD వస్తుంది. 3వ గడికి తోడు 11 ఒక్కటే దొరుకుతుంది, కనుక B'CD. 6వ గడికి తోడు 14 ఒక్కటే, కనుక BCD'. ఇంతటితో 1లన్నీ గ్రూపుల్లోకి వచ్చేశాయి, పని పూర్తయింది. సమాధానం AD + B'CD + BCD'. ఇది ఆప్షన్లలో ఉంది కూడా. అయినా కీలో మాత్రం AD + B'CD + BCD' + AB + AC సరైనదని ఇచ్చారు. కింద వివరణలో ఉన్న వాక్యం ఒక్కటే: X గడులన్నిటినీ 1గా తీసుకొని, ఏ ఒక్కటీ మిగలకుండా గ్రూపుల్లో చేర్చాలట.

డోంట్ కేర్ అంటే అర్థం అది కాదు. X గడి మనకు అరువుగా దొరికిన గడి. ఒక 1ని చేర్చుకున్న గ్రూపు పెద్దదవుతుందంటే దాన్ని వాడుకుంటాం, లేదంటే వదిలేస్తాం. కప్పి తీరవలసినవి 1లు మాత్రమే. గ్రూపులో ఉన్నవన్నీ X గడులే అయితే, లేదా అందులోని 1లన్నీ ఇతర గ్రూపుల్లో ముందే చేరి ఉంటే, ఆ పదం వృథా. AB గ్రూపులో 12, 13, 14, 15, AC గ్రూపులో 10, 11, 14, 15 ఉన్నాయి. రెండింటిలోనూ ఒక్క 1 కూడా లేదు. మన సమాధానంలో 11, 13, 14, 15 గడులు 1 అయ్యాయి, 10, 12 గడులు 0 అయ్యాయి. ఆ సంకేతాలు రావని మాట ఇచ్చినంత వరకు వాటి విలువ ఏదైనా ఎవరికీ ఇబ్బంది లేదు.

ఈ తప్పు విద్యార్థి కంట ఎందుకు పడదంటే, కీలో ఇచ్చిన ఆ ఐదు పదాల సమాధానం కూడా 0 నుంచి 9 వరకు సరిగ్గానే పనిచేస్తుంది. X గడులన్నిటినీ 0గా భావించి రాసిన AB'C'D + A'B'CD + A'BCD' అనే మరో ఆప్షన్ కూడా సరిగ్గానే పనిచేస్తుంది. అంకెలు వేసి చూస్తే మూడూ నెగ్గుతాయి. ప్రశ్న అడిగింది సరళమైన రూపం కనుక, అంకెలు వేసి చూసిన తర్వాత పదాల సంఖ్యను, ఆపైన ఒక్కో పదంలోని అక్షరాల సంఖ్యను కూడా లెక్కపెట్టాలి. నేను మొదటి వారంలో ఆ రెండో పని చేయలేదు.

అదే ప్రశ్నకు గీసిన మ్యాప్‌లో ఇంకొక వింత కనిపించింది. నిలువు వరుసల శీర్షికలు, అడ్డు వరుసల శీర్షికలు కూడా 00, 01, 10, 11 అనే క్రమంలో ఉన్నాయి. ఆ క్రమంలో గీస్తే 9, 10 గడులు పక్కపక్కన, వాటి కింద 13, 14 గడులు వస్తాయి. ఆ నాలుగింటి చుట్టూ చక్కగా ఒక గీత చుట్టి పక్కన AD అని రాశారు. 10లోనూ 14లోనూ D విలువ 0 అన్న సంగతి రాసినవారు చూసుకోలేదు. 1001, 1010, 1101, 1110లను ఒకదాని కింద ఒకటి రాస్తే నాలుగింటికీ ఉమ్మడిగా మిగిలేది A ఒక్కటే, కనుక అది గ్రూపే కాదు. సమాధానం ఒకచోట నుంచి, బొమ్మ మరొకచోట నుంచి వచ్చి చేరాయని నా అనుమానం. కే-మ్యాప్‌లో పక్కపక్క గడుల మధ్య ఒక్క బిట్టే మారాలి, అందుకే గ్రే కోడ్ క్రమంలో మూడో శీర్షిక 11, నాలుగోది 10. 1952లో వీచ్ ప్రతిపాదించిన పటాన్ని 1953లో బెల్ ల్యాబ్స్‌లో మారిస్ కార్నా మెరుగుపరిచి మనకు ఇచ్చిన సౌలభ్యమే అది. ఏ పుస్తకంలోనైనా ముందుగా ఆ మూడో శీర్షికను చూడండి, రెండు సెకన్ల పని.

ఇక నాకూ అమ్మినవారికీ మధ్య వాదన నడిచింది 32వ ప్రశ్న మీద. F(A,B,C) = Σm(0,4,7) + Σd(3,5) అని ఇచ్చి కనిష్ఠ రూపం అడిగారు.

```
A\BC  00  01  11  10
0      1   0   X   0
1      1   X   1   0
```

0, 4 గడులు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి కనుక B'C' వస్తుంది, అందులో సందేహం లేదు. మిగిలింది 7వ గడి. దానికి పైన ఉన్న 3ను తోడు తెచ్చుకుంటే BC వస్తుంది, ఎడమ పక్కన ఉన్న 5ను తెచ్చుకుంటే AC వస్తుంది. రెండిట్లో దేన్ని తీసుకున్నా రెండు పదాలు, నాలుగు అక్షరాలే. కాబట్టి B'C' + BC, B'C' + AC రెండూ కనిష్ఠ సమాధానాలే. ఒకటే సమాధానం గుర్తించాలన్న ఆ ప్రశ్నలో రెండూ ఆప్షన్లుగా ఉన్నాయి, కీలో రెండోదాన్ని మాత్రమే సరైనదిగా చూపారు.

నేను మెయిల్ రాస్తే వారి నుంచి చాలా మర్యాదగా జవాబు వచ్చింది. రెండు సమీకరణాలకూ ట్రూత్ టేబుల్ వేశామని, 3, 5 దగ్గర విలువలు వేరుగా వచ్చాయని, సమానం కాని రెండు సమాధానాలు ఒకే ప్రశ్నకు సరైనవి కాలేవని అందులో రాశారు. చదవగానే నాకూ ఒక క్షణం నిజమేననిపించింది. డోంట్ కేర్ లేని ప్రశ్నలో ఆ వాదన నిలుస్తుంది, ఎందుకంటే అక్కడ ప్రతి గడి విలువా ముందే నిర్ణయమై ఉంటుంది. డోంట్ కేర్ ఉన్నచోట నిలవదు. మొదటి సమాధానం 3ను 1గా, 5ను 0గా తీసుకుంది, రెండోది అందుకు సరిగ్గా తలకిందులుగా తీసుకుంది, ప్రశ్న ఆ రెండు స్వేచ్ఛలనూ ఇచ్చింది. అందువల్ల ఇక్కడ చూడవలసింది రెండు సమాధానాలు పరస్పరం సమానమా కాదా అన్నది కాదు, ప్రతి సమాధానాన్నీ ప్రశ్నతో పోల్చాలి. 0, 4, 7లను వేస్తే 1 రావాలి, 1, 2, 6లను వేస్తే 0 రావాలి, 3, 5లను అసలు వేయనే కూడదు.

ఈ విషయాన్ని వారి పుస్తకమే నిరూపించింది. 33వ ప్రశ్నలో అదే F కు మొత్తాల లబ్ధ రూపం అడిగారు. ఈసారి 0లను గ్రూపు చేయాలి: 2, 6 కలిస్తే (B' + C), 1వ గడికి 5ను తోడు తెచ్చుకుంటే (B + C'). కీలో (B' + C)(B + C') అనే ఉంది, అది సరైనదే. కాని దాన్ని గుణించి చూస్తే BC + B'C' అవుతుంది, అంటే ముందు ప్రశ్నలో వారు తప్పన్న సమాధానమే. వారి తర్కం ప్రకారం 32, 33 ప్రశ్నల కీలు రెండూ ఒకేసారి సరైనవి కావడానికి వీలు లేదు. ఈ మాట రాసిన తర్వాత వారి నుంచి జవాబు రాలేదు. ఫైల్ తెరిచాక డబ్బు తిరిగి ఇవ్వబోమన్న నిబంధన మాత్రం అంతకుముందే పంపారు.

పరీక్షలో ఇది ఎక్కడ దెబ్బతీస్తుందో కూడా చెప్పాలి. గేట్‌లో ఒకే సమాధానం ఉండే ప్రశ్న తప్పితే 1 మార్కు ప్రశ్నకు మూడో వంతు, 2 మార్కుల ప్రశ్నకు మూడింట రెండు వంతుల మార్కు కోత పడుతుంది. 2021 నుంచి వస్తున్న బహుళ సమాధానాల ప్రశ్నల్లో కోత లేదు గాని, సరైన ఆప్షన్లన్నీ గుర్తిస్తేనే మార్కు, కొన్ని గుర్తిస్తే సున్నా. 32వ ప్రశ్నలాంటిది ఆ రూపంలో వస్తే, ఈ కీతో అభ్యాసం చేసినవారు AC ఉన్నదాన్ని గుర్తించి BC ఉన్నదాన్ని వదిలేసి, తాము సరిగ్గా రాశామనే అనుకుంటారు.

కొనాలనుకునేవారు నమూనా పేజీలు అడిగేటప్పుడు డోంట్ కేర్ ప్రశ్నలున్న పేజీనే, దాని కీతో, వివరణతో సహా పంపమని అడగండి. ఆ ఒక్క పేజీ పంపడానికి వెనకాడితే కొనకపోవడమే మంచిది. ఇప్పటికే ఇలాంటిదేదో కొని ఉన్నవారు కే-మ్యాప్ అధ్యాయం తెరిచి, బీసీడీలో 3, 6, 9 ప్రశ్నకు AB + AC తోకగా ఉన్న కీ, దాని వెనుకే Σm(0,4,7) ప్రశ్న కనిపిస్తే, అది నేను కొన్న ఫైలే. నా లెక్కలో అందులో డోంట్ కేర్ ఉన్న 22 ప్రశ్నలకు 9 కీలు తప్పు.