రెండో భాషగా తెలుగా, హిందీయా? ఒక మాస్టారి ప్రసంగం విన్నాక

"ఇంట్లో ఎలాగూ తెలుగే మాట్లాడుకుంటున్నాం కదా, బడిలో రెండో భాషగా హిందీ తీసుకుంటే పోయేదేముంది?" అని మా వీధిలోని తల్లిదండ్రులు ఏటా అడుగుతూనే ఉంటారు. ఈ ఏడాది మా మనవరాలు ఆరో తరగతికి రావడంతో ఆ ప్రశ్న మా ఇంటికీ వచ్చింది. ఆమె చదివేది గుంటూరులోని ఒక కేంద్ర సిలబస్ బడి. ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి నాడు జరుపుకునే తెలుగు భాషా దినోత్సవానికి ఆ బడివారు పదవీ విరమణ చేసిన ఒక తెలుగు మాస్టారిని పిలిచారు. సభలో కూర్చుని ఆయన చెప్పింది విన్న తరువాత నా లెక్క మారింది.

మాస్టారు తెలుగు గొప్పదనం గురించి ఒక్క మాటైనా మాట్లాడలేదు. నల్లబల్ల తెప్పించి, దాని మీద "శక్తి", "మెడ", "ఒడి" అని మూడు మాటలు రాసి, హిందీ తీసుకున్న పిల్లల్లో ఎవరైనా వచ్చి చదవమన్నారు. వచ్చిన అబ్బాయి ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడేవాడే. అయినా మొదటి మాటను "శకిత" అనీ, రెండోదాన్ని "మేడ" అనీ, మూడోదాన్ని "ఓడి" అనీ చదివాడు. హాలంతా నవ్వారు. మాస్టారు మాత్రం నవ్వకుండా, "వీడి తప్పు కాదు, వీడి కంటికి అలవాటైన లిపి వేరు" అని వివరించారు.

ఆ వివరణే నాకు నిర్ణాయకంగా తోచింది. హిందీ రాసే దేవనాగరిలో రెండు హల్లులు కలిసినప్పుడు సాధారణంగా మొదటిది సగమై, రెండోది దాని పక్కన నిలబడుతుంది. తెలుగులో మొదటి హల్లు పూర్తి ఆకారంతో పైన ఉంటుంది, రెండోది ఒత్తుగా కిందికి దిగుతుంది, అచ్చు గుర్తు మాత్రం పైనున్న హల్లుకే తగులుకుంటుంది. అందువల్ల "శక్తి"లో గుడి కనిపించేది "క" మీద, పలికేది మాత్రం "త" తరువాత. ఈ మెలిక చేతికి అలవాటు కాని పిల్లవాడు కనబడిన వరసలోనే "కి" అనేసి, తరువాత కిందనున్న "త"ను అందుకుంటాడు. ఇక హ్రస్వ "ఎ", "ఒ"లకు హిందీలో విడి అక్షరాలు లేవు, "ళ" కూడా లేదు. కాబట్టి మెడకూ మేడకూ, వేలకూ వేళకూ ఉన్న తేడాను నోరు పలుకుతున్నా కన్ను పట్టుకోదు. "అమ్మ ఒడి"ని "అమ్మ ఓడి" అని చదివితే అమ్మ ఓడిపోయినట్టు అవుతుందని మాస్టారు అన్నప్పుడు ఆ అబ్బాయి కూడా నవ్వాడు.

అంటే ఇంట్లో మాట్లాడే తెలుగు చదువును తనంతట తాను తెచ్చిపెట్టదు. మాట్లాడటం చెవికీ నోటికీ సంబంధించినది, చదవడానికి కంటికి విడిగా శిక్షణ కావాలి. తిరుగు దారి మాత్రం సులువుగా ఉంటుంది: తెలుగు వర్ణమాల బాగా వచ్చిన పిల్లలకు క, చ, ట, త, ప వర్గాల వరస హిందీలోనూ అదే కనుక, కొత్తగా నేర్చుకోవలసింది అక్షరాల ఆకారాలే. మాస్టారు తానూ అలాగే నేర్చుకున్నారట. బడిలో తెలుగు చదువుతూనే, సాయంత్రాలు దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు ప్రాథమిక నుంచి ఒక్కొక్కటే కట్టి ప్రవీణ దాకా వెళ్లారు. "పిల్లలూ, హిందీ నేర్చుకోండి, ఇంగ్లీషు నేర్చుకోండి, అరవం వచ్చినా మంచిదే, కానీ అందుకోసం తెలుగు కూర్చున్న కుర్చీ లాగేయకండి" అని ఆయన అన్నారు.

నాకు ఇక్కడే రెండింటి తూకం తేలింది. హిందీని బడి బయట నేర్చుకునే ఏర్పాటు మన గుంటూరు, విజయవాడల్లో ఎప్పటినుంచో ఉంది, సాయంత్రం ట్యూషనుకు పంపి ప్రచార సభ పరీక్షలు రాయించవచ్చు. తెలుగు చదవడం, రాయడం నేర్పే సాయంత్రపు తరగతి కావాలంటే ఎక్కడ వెతకాలో నాకు తెలియదు. బయట దొరికేదాన్ని బయట నేర్చుకుని, దొరకనిదానికి బడి పీరియడు ఇవ్వడమే సబబు. అయితే విజయవాడలో పనిచేసే రైల్వే కుటుంబాల వంటివారికి, రెండు మూడేళ్లకోసారి వేరే రాష్ట్రానికి బదిలీ అయ్యే అవకాశముంటే, హిందీ తీసుకోవడంలో తప్పు పట్టను. ఎక్కడికెళ్లినా ఆగకుండా సాగే భాష వాళ్లకు అవసరం. వాళ్లు తెలుగును ఇంట్లో పుస్తకంతో నేర్పుకోవాలి.

సంస్కృతం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఇంటర్మీడియట్‌లో చాలామంది దాన్ని ఎంచుకునేది మార్కుల కోసమేనని అందరికీ తెలుసు, ఆ మాట దాచుకోనక్కరలేదు.

తెలుగు తీసుకున్నంత మాత్రాన పని అయిపోయిందనుకోవడం కూడా పొరపాటే. ప్రతిపదార్థాలు, ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టి నూటికి తొంభై తెచ్చుకున్న పిల్ల, పెళ్లి శుభలేఖ ఇస్తే తడబడటం నేను చూశాను. మాస్టారు చెప్పిన పరీక్ష తేలికైనది. దినపత్రికలో ఏదైనా ఒక వార్త ఇచ్చి పది పంక్తులు పైకి చదివించాలి, పిల్ల ఎక్కడ ఆగుతోందో పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. ఒత్తులున్న మాటల దగ్గర ఆగితే లోపం లిపిలో ఉంది. మాట తడబడకుండా చదివి, అర్థం అడిగితే మౌనంగా ఉంటే లోపం పదసంపదలో ఉంది. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు.

మొదటిదానికి, తల్లి అక్షరాన్ని పోలని ఒత్తులతో మొదలుపెట్టమన్నారు. చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరంలాగే ఉంటాయి కనుక అవి త్వరగా పట్టుబడతాయి. క, త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అక్షరానికి దూరంగా ఉంటాయి, పిల్లలు జారేది అక్కడే. రోజుకు ఒక ఒత్తు తీసుకుని, దానికి గుడి, కొమ్ము, ఏత్వం ఉన్న మాటలు అయిదారు రాయించి పైకి చదివించాలి. రెండోదానికి పెద్దవాళ్లెవరైనా పక్కన కూర్చుని కథ చదివించడం తప్ప దగ్గరిదారి లేదు.

ఆ రాత్రే మా మనవరాలి చేత పత్రిక చదివించాను. పది పంక్తుల్లో పదకొండు గుర్తులు పడ్డాయి, వాటిలో ఎనిమిది ఒత్తుల దగ్గరే. "రాస్తే"ను "రాసేత" అని చదివింది. అర్థం అడిగితే దాదాపు అన్నీ చెప్పింది, ఎందుకంటే ఆ మాటలు ఇంట్లో రోజూ వినేవే. ఇంట్లో మాట్లాడటం వల్ల కలిగే లాభం అక్కడివరకే ఉందని నాకు అర్థమైంది. మరునాడు దరఖాస్తులో రెండో భాష గడిలో తెలుగు అని రాసి ఇచ్చాం. హిందీకి వారానికి మూడు సాయంత్రాలు ప్రాథమిక పరీక్ష తరగతికి పంపుతున్నాం. ప్రస్తుతం రోజూ రాత్రి భోజనానికి ముందు పావుగంట ఒత్తులు నడుస్తున్నాయి, నిన్నటికి "య" ఒత్తు దాకా వచ్చింది.