పాసా, క్రెడిట్లా? వారానికి రెండు క్లాసులకు వచ్చేవారికి ఏది మేలు

పొద్దున ఆరు గంటల క్లాసు అయిపోయాక, చాప చుట్టుకుంటూ నా బల్ల దగ్గర ఆగి అందరూ అడిగే ప్రశ్న ఇదే: "నెల పాస్ తీసుకోమంటారా, క్రెడిట్లు కొనమంటారా?" మాది పద్నాలుగు చాపలు పట్టే చిన్న యోగా స్టూడియో. బుకింగులు, డబ్బు లెక్కలు చూసేది నేను. పాస్ అమ్మితే మాకు ప్రతి నెలా నిలకడగా డబ్బు వస్తుంది కాబట్టి ఆ మాటే చెప్పాలి. అయినా మంగళ, శుక్రవారాలు మాత్రమే వచ్చేవారికి ఆ సలహా ఇవ్వడానికి నాకు నోరు రాదు.

ముందు ధరలు. మా పాస్ 3,000 రూపాయలు, గడువు 30 రోజులు, రోజుకు ఒక క్లాసు చొప్పున ఎన్నయినా రావచ్చు. క్లాసుకు ఒకటి చొప్పున ఖర్చయ్యే పది క్రెడిట్ల ప్యాక్ 3,500, మొదటి క్లాసు రోజు నుంచి 45 రోజులు చెల్లుతుంది. విడిగా ఒక క్లాసుకు 500. వారానికి మూడుసార్లు వచ్చేవారు ఇక చదవనక్కర్లేదు, పాస్ తీసుకోండి. నెలకు పన్నెండు క్లాసులు దాటితే క్లాసు 250 లోపే పడుతుంది. ఎప్పుడో ఒకసారి వచ్చేవారు విడిగా కట్టుకుంటే చాలు.

చిక్కంతా రెండు రోజులవారితోనే. 30 రోజుల్లో వారికి ఎనిమిది క్లాసులు వస్తాయి, పాస్ మొదలైన రోజును బట్టి ఒక్కోసారి తొమ్మిది. తొమ్మిదికీ వస్తే క్లాసు 333 పడుతుంది, క్రెడిట్ ధర 350 కన్నా తక్కువే. ఎనిమిదే అయితే 375. అంటే ఒక్క క్లాసు మానేసినా పాస్ నష్టమే. నెలలో ఒక్కటీ మానకుండా వచ్చేవారు మా దగ్గర ఎందరో నాకు తెలుసు, వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అయితే నా దృష్టిలో తేల్చాల్సింది ధర కాదు, మానేసిన క్లాసు ఏమవుతుందన్నది. వారం వారం బుకింగ్ పెట్టుకున్నాక ఊరెళ్లాల్సి వస్తే, పాస్‌లో ఆ రోజు కరిగిపోతుంది. క్రెడిట్ అయితే మన ఖాతాలోకి తిరిగి వస్తుంది, కాని పాత గడువుతోనే వస్తుంది. ఈ చివరి ముక్క తెలియకే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు.

2025 సంక్రాంతికి మా దగ్గరికి వచ్చే ఒకావిడ లెక్క చెబుతాను. జనవరి 3, శుక్రవారం ప్యాక్ మొదలుపెట్టి, ప్రతి మంగళ, శుక్రవారాలకూ చాప ఉంచమన్నారు. పది క్రెడిట్లకు పది తేదీలు వరుసగా పడ్డాయి, ఆఖరిది ఫిబ్రవరి 4. ప్యాక్ గడువు ఫిబ్రవరి 16. పండుగకు తొమ్మిదో తేదీన ఊరెళ్లి పద్దెనిమిదిన తిరిగి వచ్చారు. 10, 14, 17 తేదీల క్లాసులు మూడూ ముందే రద్దు చేసుకున్నారు, మూడు క్రెడిట్లూ తిరిగి వచ్చాయి. అంతవరకు బాగానే ఉంది. కాని బుకింగ్ వరుస తనంతట తాను ముందుకు జరగదు. అది ఫిబ్రవరి 4తోనే ఆగిపోయింది. తిరిగి వచ్చిన మూడూ ఖాతాలో ఊరికే పడి ఉన్నాయి.

గడువు లోపల మిగిలిన తేదీలు సరిగ్గా మూడే: ఫిబ్రవరి 7, 11, 14. ఊరి నుంచి వచ్చిన రోజే ఆవిడ నా దగ్గర కూర్చుని మూడింటికీ చాపలు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఇంకో పది రోజులు ఆగి ఉంటే ఏడో తేదీ క్లాసు నిండిపోయేది. రద్దు చేసిన నిమిషంలోనే బదులు తేదీ పట్టుకోవాలి, చివర్లో చూద్దామంటే క్రెడిట్ ఉంటుంది కాని చాప ఉండదు. అదే ఆవిడ పాస్ తీసుకుని ఉంటే? జనవరి 3 నుంచి ఫిబ్రవరి 1 దాకా తొమ్మిది క్లాసులు, మూడు పోగా ఆరు. క్లాసు 500 పడేది, విడిగా కట్టినంత.

క్రెడిట్లకూ ముళ్లున్నాయి, దాచను. ఆరింటి క్లాసు రద్దు చేయాలంటే ముందురోజు సాయంత్రం ఆరు లోపల చేయాలి. తెల్లవారి అయిదూ ఇరవైకి "జ్వరం అండీ" అని సందేశం పంపితే క్రెడిట్ పోతుంది. పాస్‌వాళ్లకు ఆ నొప్పి లేదు. అందుకే వాళ్లు రద్దు చేయడం మానేస్తారు. వెయిటింగ్ లిస్టులో ముగ్గురుండగా నాలుగు చాపలు ఖాళీగా పడి ఉన్న మంగళవారాలు చూసి నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు చెప్పకుండా మానితే పాస్‌వాళ్లకు వంద రూపాయల జరిమానా వేస్తున్నాం.

ఇంకో ముల్లు, ఏ ప్యాక్ నుంచి ముందు తగ్గుతుందన్నది. నేను ఇదివరకు విద్యార్థిగా వెళ్లిన ఒకచోట పాత ప్యాక్‌లో రెండు మిగిలి ఉండగా కొత్తది కొన్నాను. వాళ్ల యాప్ కొత్తదాని నుంచే తీసుకుంటూ పోయింది, పాత రెండూ గడువు దాటి మాయమయ్యాయి. గడువు దగ్గరపడినవి ముందు ఖర్చు కావాలి, అదే న్యాయం. మీ స్టూడియో ఎలా చేస్తుందో అడగనక్కర్లేదు. రెండు ప్యాక్‌లు ఉన్నప్పుడు ఒక క్లాసు బుక్ చేసి, ఏది తగ్గిందో చూడండి. కొత్తది తగ్గితే వెంటనే రద్దు చేసి, పాతవి అయిపోయేదాకా బుకింగులు చేతితో చేయించుకోండి. గడువు కొన్న రోజు నుంచా, మొదటి క్లాసు నుంచా అన్నది మాత్రం డబ్బు కట్టే ముందే అడగాలి. కొన్న రోజు నుంచి అయితే, క్లాసుకు వెళ్లే రోజే కొనడం మంచిది.

పాస్ మేలన్నవాళ్లు ఒక మాట అంటారు: "మళ్లీ మళ్లీ కొనే పని ఉండదు, చాప ఎప్పుడూ మనదే." సగం నిజం. పాస్ ముగిశాక ఉన్న తేదీలన్నీ, అది పునరుద్ధరణ అవుతుందన్న నమ్మకం మీద పట్టిన చాపలే. యూపీఐ ఆటోపే పెట్టుకుంటే డబ్బు తీసే ముందురోజు ఫోనుకు సందేశం వస్తుంది. దాన్ని ఎవరూ చదవరు. ఖాతాలో డబ్బు లేక అది విఫలమైతే, మా పద్ధతిలో ఒక రోజు ఆగి తర్వాతి బుకింగులన్నీ తీసేస్తాం, వెయిటింగ్ లిస్టులో మొదటివారికి చాప వెళ్తుంది. ఏడాదిగా కిటికీ పక్క చాపలో కూర్చునే ఒకాయన అలా మంగళవారం చోటు పోగొట్టుకుని రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఆ సందేశం వచ్చిన రోజే ఖాతా చూసుకునే అలవాటు లేనివారు పాస్‌తో కూడా నిశ్చింతగా ఉండలేరు.

నెల మధ్యలో పాస్‌ను ఆపుకునే సౌకర్యం కొన్నిచోట్ల ఉంటుంది. కనీసం ఏడు రోజులు ఆపాలనే షరతు ఉంటే రెండు రోజుల జ్వరానికి అది అక్కరకు రాదు. ఇంట్లో ఇద్దరు పంచుకునే క్రెడిట్లు కూడా ఉన్నాయి, కాని ఎవరు ఎన్ని వాడారో ఇంట్లోనే తగువు వస్తుంది.

ఆ సంక్రాంతి ఆవిడ ఫిబ్రవరి 14న పదో క్రెడిట్ వాడారు. మా గడువు మొదటి క్లాసు నుంచి మొదలవుతుంది కాబట్టి రెండో ప్యాక్ పదకొండునే కొని 18, మంగళవారానికి చాప ఉంచుకున్నారు. వెళ్తూ వెళ్తూ, "ఉగాదికి మార్చి 30 ఆదివారమే కదా, ఈసారి ఏ క్లాసూ పోదు" అని లెక్క ఆవిడే చెప్పారు.