ఆరేళ్లుగా వాడుతున్న ఒక్క ఫార్ములా: క్రెడిట్ల సగటు లెక్కపై నా సమీక్ష

మొదట నా సొంత మార్కుల కోసం, తర్వాత నేను పాఠాలు చెప్పే తరగతి పట్టికల కోసం, మొత్తం మీద ఆరేళ్లుగా ఈ ఫార్ములాను వాడుతున్నాను. ఇది స్ప్రెడ్‌షీట్‌లో ఒక్క గడిలో ఇమిడిపోతుంది. రెండో అడ్డు వరుసలో B నుంచి F వరకు క్రెడిట్లు, మూడో వరుస నుంచి కిందికి ఒక్కో విద్యార్థి మార్కులు ఉన్నాయనుకుంటే, అది ఇలా ఉంటుంది:

```
=SUMPRODUCT($B$2:$F$2,B3:F3)/SUM($B$2:$F$2)
```

ప్రతి సబ్జెక్టు మార్కును దాని క్రెడిట్‌తో గుణించి, ఆ లబ్ధాలన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగించడమే ఇది చేసే పని. పాఠ్యపుస్తకాలు దీన్నే భారిత సగటు అంటాయి. సూత్రం ఎవరికైనా రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. నాకు చిక్కులన్నీ సూత్రం దగ్గర కాక పట్టిక దగ్గరే వచ్చాయి కాబట్టి ఈ సమీక్షలో ఎక్కువ భాగం వాటికే పోతుంది.

ముందుగా ఒక ఉదాహరణ. గణితం 4 క్రెడిట్లు, 62 మార్కులు. భౌతికశాస్త్రం 4 క్రెడిట్లు, 58. ప్రోగ్రామింగ్ 3 క్రెడిట్లు, 75. ఇంగ్లీషు 2 క్రెడిట్లు, 84. ప్రయోగశాల 1 క్రెడిట్, 96. మార్కులను మామూలుగా కూడి ఐదుతో భాగిస్తే సరిగ్గా 75 వస్తుంది. క్రెడిట్లతో గుణిస్తే వరుసగా 248, 232, 225, 168, 96. వీటి మొత్తం 969, దాన్ని 14తో భాగిస్తే 69.21. అంటే దాదాపు ఆరు మార్కుల తేడా. ఈ విద్యార్థికి మంచి మార్కులన్నీ తక్కువ క్రెడిట్ల సబ్జెక్టుల్లో వచ్చాయి, అందుకే సగటు కిందికి జారింది. పెద్ద సబ్జెక్టుల్లో రాణించిన వాళ్లకు ఇదే లెక్క మామూలు సగటు కంటే ఎక్కువ ఇస్తుంది.

ఇందులో ప్రయోగశాలకు నేను 96 వేశాను గానీ, ఆ పరీక్ష నిజానికి 50 మార్కులకు, వచ్చినవి 48. క్రెడిట్లతో గుణించే ముందే అన్ని సబ్జెక్టులనూ వందకు మార్చుకోవాలి. 48 అలాగే వేస్తే సగటు 65.79కి పడిపోతుంది. క్రెడిట్ తక్కువ కదా, ఆ తేడాను అదే సర్దేస్తుందని అనుకునేవాళ్లను చూశాను. క్రెడిట్‌కూ గరిష్ఠ మార్కుకూ సంబంధం లేదు.

ఇక అసలు ఇబ్బందులు. మొదటిది ఖాళీ గడి. ఒక సబ్జెక్టు ఫలితం ఇంకా రాలేదు, గడి ఖాళీగా ఉంచారు. ఫార్ములా దాన్ని సున్నాగా తీసుకుంటుంది, కానీ కింద భాజకంలో ఆ క్రెడిట్లను మాత్రం లెక్కిస్తుంది. పై ఉదాహరణలో భౌతికశాస్త్రం రాలేదనుకోండి, 737ను 14తో భాగించి 52.64 చూపిస్తుంది. వచ్చిన ఫలితాల వరకు సరైన సగటు 737ను 10తో భాగించగా వచ్చే 73.7. ఈ తప్పును పట్టుకోవడానికి ఒక తేలిక ఉపాయం ఉంది. భారిత సగటు ఎప్పుడూ అత్యల్ప మార్కుకూ అత్యధిక మార్కుకూ మధ్యలోనే ఉండాలి. మిగిలిన నాలుగింటిలో కనిష్ఠం 62 అయినప్పుడు 52.64 రావడానికి వీల్లేదు. పట్టిక చూడగానే నా కళ్లు ఇప్పటికీ ముందు ఈ సంగతే వెతుకుతాయి.

ఖాళీ గడుల కోసం భాజకాన్ని ఇలా మార్చుకున్నాను:

```
=SUMPRODUCT($B$2:$F$2,B3:F3)/SUMPRODUCT($B$2:$F$2,--ISNUMBER(B3:F3))
```

ఇందులో అంకె ఉన్న గడుల క్రెడిట్లు మాత్రమే కింద చేరతాయి. చాలా బాగా పనిచేస్తుంది, ఎంత బాగా అంటే కొన్నిసార్లు అతిగా సాయం చేస్తుంది. పరీక్షకు రాని విద్యార్థి గడిలో 'గైర్హాజరు' అని రాశామనుకోండి, ఆ సబ్జెక్టు లెక్కలోంచే మాయమై అతని సగటు పెరుగుతుంది. గైర్హాజరుకు సున్నా అన్నది నియమమైతే 0 అనే రాయాలి. ఫలితం రానిదాన్నే ఖాళీగా వదలాలి. ఈ రెండింటి తేడా ఫార్ములాకు తెలియదు, మనమే చెప్పాలి.

రెండోది అంకెలా కనిపించే అక్షరాలు. వేరే చోటి నుంచి అతికించిన మార్కులు కొన్నిసార్లు అంకెలుగా కాకుండా అక్షరాలుగా వచ్చి కూర్చుంటాయి. కంటికి 96 కనిపిస్తుంది, ఫార్ములాకు మాత్రం అది సున్నాతో సమానం. దోషమని ఏ సందేశమూ రాదు. మొదటి ఫార్ములాలో ప్రయోగశాల మార్కు అలా ఉంటే 873ను 14తో భాగించి 62.36 ఇస్తుంది. ఇది 58కీ 96కీ మధ్యలోనే ఉంది కాబట్టి ఇందాక చెప్పిన హద్దుల పరీక్ష దీన్ని పట్టుకోలేదు. తక్కువ క్రెడిట్ల సబ్జెక్టులో తప్పు జరిగితే సగటు కొద్దిగానే కదులుతుంది, అందుకే అది దాక్కుంటుంది. సవరించిన ఫార్ములాతో పరిస్థితి ఇంకా అయోమయం: 873ను 13తో భాగించి 67.15 అంటుంది. అసలు జవాబు 69.21 అని ముందే తెలియకపోతే దాన్ని ఎవరూ అనుమానించరు.

దీనికి మందు ఒక అదనపు నిలువు వరుస. అందులో `=COUNT(B3:F3)` అని వేస్తే, నిజమైన అంకెలు ఎన్ని ఉన్నాయో చెబుతుంది. ఐదు సబ్జెక్టులకు 5 రాకపోతే ఆ వరుసను చూడాలి. గడిలో అంకె ఎడమ అంచుకు అతుక్కుని ఉండటం కూడా ఒక సూచనే, ఎందుకంటే అంకెలు మామూలుగా కుడివైపు ఒదుగుతాయి. కాకపోతే ఎవరైనా పట్టిక మొత్తాన్ని అందం కోసం మధ్యకు సర్దితే ఆ ఆధారమూ పోతుంది. మార్కుల పట్టికను మధ్యకు సర్దే అలవాటు మీద నాకు కోపం అందుకే.

మూడోది నా సొంత నిర్వాకం, ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది. మొదటి విద్యార్థి వరుసలో ఫార్ములా రాసి కిందికి లాగాను. డాలర్ గుర్తులు పెట్టలేదు. అవి లేకపోతే ఫార్ములాతో పాటు క్రెడిట్ల వరుస కూడా ఒక్కో మెట్టు కిందికి దిగుతుంది. అంటే రెండో విద్యార్థి మార్కులకు మొదటి విద్యార్థి మార్కులే క్రెడిట్లయిపోయాయి. ఇంత అర్థంలేని లెక్కకు వింత జవాబు రావాలి కదా! రాలేదు. రెండో విద్యార్థి మార్కులు అదే క్రమంలో 80, 76, 60, 65, 70 అనుకుందాం. సరైన సగటు 1004ను 14తో భాగించగా 71.71. డాలర్ లేని ఫార్ములా ఇచ్చేది 26048ను 375తో భాగించగా 69.46. ఎవరు చూసినా సరేనంటారు. ఏ బరువులు వేసినా అవి ధనసంఖ్యలైతే జవాబు కనిష్ఠ, గరిష్ఠ మార్కుల మధ్యే ఉంటుంది కాబట్టి హద్దుల పరీక్షలో ఇది నెగ్గుతుంది. గడులన్నీ అంకెలే కాబట్టి COUNT పరీక్షలోనూ నెగ్గుతుంది.

ఇద్దరు విద్యార్థులు అన్ని సబ్జెక్టుల్లోనూ ఒకే మార్కులు తెచ్చుకున్నారు, వాళ్ల సగటులు మాత్రం వేర్వేరుగా వచ్చాయి. వాళ్లలో ఒకరు వచ్చి అడిగితేగానీ నాకు తెలియలేదు. అప్పటి నుంచి పట్టిక చివర ఒక దొంగ విద్యార్థిని పెడుతున్నాను. మొదటి విద్యార్థి మార్కులనే అక్కడ మళ్లీ రాస్తాను. రెండు సగటులు కలవకపోతే ఫార్ములా ఎక్కడో జారిందన్నమాట. పని అయ్యాక ఆ వరుస తొలగిస్తాను. ఒకసారి తొలగించడం మరిచిపోయాను, అది వేరే కథ.

సెమిస్టర్లు కలిపేటప్పుడు ఈ ఫార్ములా విలువ బాగా తెలిసింది. పై ఉదాహరణలో మొదటి సెమిస్టర్ 14 క్రెడిట్లు, సగటు 69.21. రెండోది 20 క్రెడిట్లు, సగటు 76.5 అనుకుందాం. రెండు సగటులను కూడి సగం చేస్తే 72.86 వస్తుంది, అది తప్పు. లబ్ధాల మొత్తాలనే కలపాలి: 969, 1530 కలిపి 2499. దాన్ని 34తో భాగిస్తే 73.5. అందుకే నేను ప్రతి సెమిస్టర్‌కూ సగటుతో పాటు లబ్ధాల మొత్తాన్నీ క్రెడిట్ల మొత్తాన్నీ విడిగా దాచుకుంటాను. సగటును ముందే సవరించి 69 అనీ 77 అనీ రాసిపెట్టుకుంటే, క్రెడిట్లతో సరిగ్గానే గుణించినా జవాబు 73.71 అవుతుంది. దశాంశాలను చివర్లో ఒక్కసారి సవరిస్తే చాలు.

ఈ రెండు మొత్తాలు దాచుకుంటే విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది. ఇంకో 16 క్రెడిట్లు మిగిలాయి, మొత్తం మీద 75 రావాలంటే ఎంత తెచ్చుకోవాలి? మొత్తం 50 క్రెడిట్లకు 75 చొప్పున 3750 కావాలి. అందులోంచి 2499 తీస్తే 1251. దాన్ని 16తో భాగిస్తే 78.19. ఇదే లెక్కలో జవాబు 100 దాటితే ఆ లక్ష్యం ఇక అందదని అర్థం. అలాంటి జవాబు వచ్చినప్పుడు విద్యార్థి మొహం చూడటం కొంచెం కష్టం.

ఫార్ములా చేయలేని పనులు రెండున్నాయి. మార్కులను ముందు గ్రేడ్ పాయింట్లుగా మార్చి, తర్వాత క్రెడిట్లతో గుణించే చోట మార్కుల సగటు వేసి దాన్ని పాయింట్లలోకి మార్చడం కుదరదు. 70కీ 79కీ ఒకే పాయింటు ఇచ్చే పద్ధతిలో ఆ తొమ్మిది మార్కుల తేడా మొదటి మెట్టులోనే చెరిగిపోతుంది, తర్వాత ఏ గుణకారమూ దాన్ని తిరిగి తేలేదు. అక్కడ మూడో వరుసలో మార్కులకు బదులు పాయింట్లనే రాసి ఇదే ఫార్ములా వాడతాను. మళ్లీ రాసిన పరీక్షలో పాత మార్కు ఉంచాలా, కొత్తది వేయాలా అన్నది కూడా నియమాల పుస్తకం చూసి నేనే తేల్చుకుని గడి నింపాలి. ఈ రెండూ పోగా, ఆరేళ్లలో ఈ ఫార్ములా తనంతట తాను ఒక్క తప్పూ చేయలేదు. నేను చేసినవాటిలో నాకు తెలిసినవి పైన రాశాను.