మలబద్ధకానికి ఏది మేలు: ఆముదమా, ఇసబ్‌గోలా, త్రిఫలా?

పాలమూరు, నల్గొండ చెలకల్లో ఆముదాలు బాగా పండేవి కాబట్టి ఇక్కడి ఇళ్లలో ఆముదానికి ఉన్న చనువు వేరే మందుకు లేదు. దేవరకొండ దగ్గర ఉండే మా మేనత్తకు అరవై దాటాయి, షుగర్ గోళీలు వేసుకుంటుంది. అయినా పత్తి ఏరే రోజుల్లో కూలికి పోతుంది. ఆదివారం వచ్చిందంటే రెండు చెంచాల ఆముదం పడాల్సిందే. "తాగితేనే కడుపు సాఫైతది" అంటుంది.

సాఫయ్యే మాట నిజమే. చిన్నపేగులో ఆముదం నుంచి రిసినోలిక్ ఆమ్లం విడుదలై పేగును గట్టిగా కదిలిస్తుంది. రెండు నుంచి ఆరు గంటల్లో విరేచనమవుతుంది, కడుపులో మెలిపెట్టినట్టూ ఉంటుంది. చిక్కు ఆ తర్వాతే. ఖాళీ అయిన పేగులో మళ్లీ మలం చేరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ ఏమీ రాకపోతే మలబద్ధకం తిరగబెట్టిందనుకుని అత్త మళ్లీ సీసా తీస్తుంది. ఇలా తరచూ తాగితే ఒంట్లో నీరు, పొటాషియం తగ్గి నీరసం వస్తుంది. గర్భిణులు దీని జోలికే పోకూడదు. తలకు రాసుకునే ఆముదం తాగడానికి పనికిరాదు.

ఇసబ్‌గోల్ పొట్టు తీరు వేరు. పేగును రెచ్చగొట్టకుండా, నీరు పీల్చుకుని ఉబ్బి మలాన్ని మెత్తబరుస్తుంది. ఫలితానికి పన్నెండు గంటల నుంచి మూడు రోజులు ఆగాలి. రోజూ వాడేందుకు నా ఓటు దీనికే, కానీ నీళ్లు తాగేవాళ్లకే. తక్కువ నీళ్లతో మింగితే గొంతులోనో పేగులోనో ఉబ్బి అడ్డుపడుతుంది. మింగడం కష్టమయ్యేవాళ్లకు అసలు వద్దు.

అత్త దగ్గర అసలు సంగతి ఇక్కడే బయటపడింది. "చేన్ల చాటు ఏడుంటది బిడ్డా, అందుకే నీళ్లు తాగ" అంది. పగలంతా గొంతు తడపని మనిషికి మలం గట్టిపడక ఏమవుతుంది? కాబట్టి పని నుంచి వచ్చాక, సాయంత్రం, పెద్ద గ్లాసు నీళ్లలో ఒక చెంచా పొట్టు కలిపి చిక్కబడేలోపే తాగమన్నాం. వెంటనే ఇంకో గ్లాసు నీళ్లు. తాగగానే పడుకోవద్దు, గోళీలకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. మొదట్లో కడుపు ఉబ్బరంగా ఉంటుంది. నాలుగు రోజులకు అది సర్దుకుంటే రెండో చెంచా. భోజనం తర్వాత షుగర్ పెరిగే వేగాన్ని కూడా ఇది కొంత తగ్గిస్తుంది కాబట్టి డాక్టరుకు చెప్పాలి.

కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ పొడులు కలిపిన త్రిఫల ఈ రెంటికీ నడుమ. రాత్రి గోరువెచ్చని నీళ్లతో అర చెంచాతో మొదలుపెట్టొచ్చు. పలచగా అవుతుంటే తగ్గించాలి. దానిలోని వగరు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు, రక్తం తక్కువని ఐరన్ గోళీలు వేసుకునేవాళ్లు వాటితో కలిపి తీసుకోవద్దు.

కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే ఈ మూడింటిలో ఏదీ వేయకూడదు. పేగు మూసుకుపోయి ఉండొచ్చు, నేరుగా ఆసుపత్రికే పోవాలి. మలంలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఇంటి మందుతో రోజులు గడపొద్దు.